ఎంత, దేనికి, ఎవరికి

హనుమకొండ నయీంనగర్‌లో ఏసీలు బాగుచేసే ఒక చిన్న షాపు ఉందనుకుందాం. మే నెలలో ఊళ్లోని ఒక క్లినిక్‌లో ఐదు ఏసీలకు సర్వీసు చేశారు. రెండింటికి గ్యాస్ నింపారు, ఒకదానికి పీసీబీ రిపేరు చేశారు. పని విలువ 12,500 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 2,250, మొత్తం 14,750. పని మొదలుపెట్టేటప్పుడు డాక్టరు గారు 5,000 అడ్వాన్స్ ఇచ్చారు. ఇంకా 9,750 రావాలి. వారం గడిచాక షాపు ఆయన వాట్సాప్‌లో ఇలా పంపుతాడు: "నమస్తే సర్, మొన్న చేసిన పని డబ్బులు ఇంకా రాలేదు, ఏమీ అనుకోకుండా కొంచెం చూడండి సర్."

మర్యాదకు లోటు లేదు. కానీ ఈ మాటతో డబ్బు రాదు, ప్రశ్నలు వస్తాయి. ఇద్దరు పేషెంట్ల మధ్య ఫోన్ చూసిన డాక్టరు "ఎంత?" అని అడుగుతారు. జవాబు వెళ్లేసరికి ఆయన ఓపీలో ఉంటారు. సాయంత్రం "అడ్వాన్స్ తీసేసి చెప్పారా?" అంటారు. మర్నాడు "ఏ నంబరుకి కొట్టాలి?" అంటారు. ఆ తర్వాత క్లినిక్ లెక్కలు చూసే కుర్రాడికి మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే, అతను బిల్లు కాపీ పంపమంటాడు. డాక్టరు గారికి ఎగ్గొట్టే ఉద్దేశం ఏమాత్రం లేదు. ప్రతి ప్రశ్నకూ ఒక పూట, ఒక్కోసారి ఒక రోజు పోతుంది, అంతే. అందుకే డబ్బు అడిగే మెసేజ్ ఎలా ఉందో చూడటానికి నా కొలత ఒకటే: చదివినవాళ్లు తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కట్టేయగలగాలి.

అదే షాపు ఇలా పంపితే ఎలా ఉంటుందో చూడండి.

```
డాక్టర్ గారూ నమస్తే, నయీంనగర్ ఏసీ షాపు నుంచి.
క్లినిక్‌లో 5 ఏసీల సర్వీసు, మే 12
బిల్లు నం. HNK/26-27/0147
బిల్లు ₹14,750, అడ్వాన్స్ ₹5,000
ఇవ్వాల్సింది ₹9,750
గడువు మే 27, బుధవారం
లింకు తెరిస్తే మా షాపు పేరు కనిపిస్తుంది:
https://pay.example/x7Kq2
```

కింద బిల్లు పీడీఎఫ్ జతచేస్తే చాలు. ఈ మెసేజ్‌ను డాక్టరు లెక్కల కుర్రాడికి పంపినా, ఇంట్లో భార్యకు పంపినా, ఇంకో మాట చేర్చాల్సిన పని లేదు. ఫార్వర్డ్ అయినా తనంతట తాను నిలబడాలి, ఎందుకంటే అడిగినవాళ్లే కట్టరు. చిన్న వ్యాపారాల్లో బిల్లు ఒప్పుకునేది ఒకరు, ఫోన్‌లో పిన్ కొట్టేది మరొకరు.

మొత్తం రాసే వరుసలో జాగ్రత్త ఎక్కడంటే, ఇవ్వాల్సిన అంకె ఒక్కటే ఉండాలి, అది విడిగా ఒక వరుసలో ఉండాలి. బిల్లు, అడ్వాన్స్ పై వరుసలో ఉన్నాయి, లెక్క సరిచూసుకోవడానికి. "ప్లస్ జీఎస్‌టీ" అని రాసి వదిలేస్తే ఒకరు 12,500లోంచి అడ్వాన్స్ తీసేసి 7,500 కొడతారు, మిగతా 2,250 కోసం మళ్లీ అడగాలి. రెండోసారి అడగడం మొదటిసారి కంటే కష్టం.

కంపెనీలకు, పెద్ద ఆసుపత్రులకు పంపేటప్పుడు మరో తేడా వస్తుంది. కాంట్రాక్టు పనులకు ఒక బిల్లు 30,000 దాటితే వాళ్లు టీడీఎస్ కోసుకుని మిగతాదే ఇస్తారు. పని విలువ 50,000, జీఎస్‌టీ 9,000, మొత్తం 59,000 అనుకోండి. షాపు ఒక్క మనిషి సొంతదైతే కోత ఒక శాతం, అదీ జీఎస్‌టీ కలపని 50,000 మీద, అంటే 500. వాళ్లు పంపేది 58,500. మీరు పంపిన లింకులో 59,000 అని మార్చడానికి వీల్లేకుండా ఉంటే, వాళ్ల అకౌంట్స్ విభాగం దాన్ని పక్కన పెట్టేస్తుంది. అలాంటిచోట టీడీఎస్ పోను ఎంతో ముందే అడిగి, ఆ మొత్తానికే లింకు చేయాలి.

ఇక ఈ మెసేజ్‌లో అందరూ వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, బిల్లు నంబరు. కట్టేవాళ్లకు అది అంతగా అక్కరలేదనిపిస్తుంది. పంపినవాళ్లకు దాని అవసరం డబ్బు వచ్చాక తెలుస్తుంది. మే నెలలో ఏసీ షాపుకు రోజుకు పది పదిహేను జమలు పడతాయి. నెలాఖరున లెక్కలు రాసే మనిషి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు కూర్చుంటే, 26వ తేదీన 9,750 జమ, ఎవరిదో ఎప్పుడూ వినని పేరు. డాక్టరు గారి పేరు కాదు, క్లినిక్ పేరూ కాదు. అది డాక్టరు గారి భార్య ఖాతా కావచ్చు, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి తన ఫోన్ నుంచి కొట్టి తర్వాత తీసుకున్నదీ కావచ్చు. అదే మొత్తం బాకీ ఉన్న ఇంకో కస్టమర్ ఉంటే పని మరీ చిక్కు. ఆ జమను తప్పుగా రెండో మనిషి ఖాతాలో రాస్తారు. తర్వాత డాక్టరు గారికి "ఇంకా రాలేదు సర్" అని మెసేజ్ పోతుంది. ఇచ్చేసిన డబ్బు మళ్లీ అడిగితే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. ఆ క్లినిక్ వచ్చే ఏడాది ఇంకో షాపును పిలుస్తుంది.

బిల్లు నంబరు జమతో పాటు వస్తే ఈ గొడవ లేదు. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు చిన్న నోటు రాసే చోటు ఉంటుంది. చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్‌లో ఆ నోటు కూడా అచ్చవుతుంది. ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు, కానీ దాదాపు ఇలా ఉంటుంది:

```
UPI/CR/614612345678/NAME/BANK/HNK26270147
```

మధ్యలో ఉన్న పన్నెండు అంకెలే యూటీఆర్ అని మనవాళ్లు అనేది. ప్రతి యూపీఐ చెల్లింపుకూ ఒకటి ఉంటుంది. కట్టినవాళ్ల ఫోన్‌లోనూ, అందుకున్నవాళ్ల బ్యాంకులోనూ అదే అంకె కనిపించాలి. చివర ఉన్నది మన బిల్లు నంబరు. నోటు పొడవుగా రాస్తే చివర తెగిపోతుంది. "ఏసీ సర్వీసు బాకీ, బిల్లు నంబర్..." అని మొదలుపెడితే నంబరు రాకుండానే స్థలం అయిపోతుంది. అందుకే నంబరే ముందు రావాలి, గీతలూ ఖాళీలూ లేకుండా.

ఆ నంబరు ఎలా ఉండాలన్నది పూర్తిగా మన ఇష్టం కాదు. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు పదహారు అక్షరాలు మించకూడదు, వరసగా సాగాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అక్షరాలు, అంకెలు కాకుండా అడ్డగీత, వాలుగీత మాత్రమే వాడుకోవచ్చు. HNK/26-27/0147లో ఊరు, సంవత్సరం, వరస సంఖ్య మూడూ పద్నాలుగు అక్షరాల్లో ఇమిడాయి. జీఎస్‌టీ లేని ట్యూషన్ టీచరయినా, టైలరయినా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. మెసేజ్‌లో, బిల్లుమీద, లింకులో, లెక్కల పుస్తకంలో నాలుగు చోట్లా ఒకే నంబరు ఉండటమే ముఖ్యం. వాట్సాప్‌లో ఆ నంబరు వెతికితే పాత మాటలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి.

ఇప్పుడు లింకు. బయటికి ఒక్కలాగే కనిపించినా, డబ్బు కట్టించుకునే దారులు లోపల వేరు. ఉచితంగా ఎవరైనా చేసుకోగలిగేది యూపీఐ సొంత లింకు. రూపం ఇది:

```
upi://pay?pa=acshop@bank&pn=AC%20Shop
&am=9750.00&cu=INR&tn=HNK26270147
```

ఇది రాసేటప్పుడు ఒకే వరుసగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. `pa` అంటే డబ్బు చేరాల్సిన యూపీఐ చిరునామా, `pn` పేరు, `am` మొత్తం, `cu` ఏ కరెన్సీ అన్నది, `tn` నోటు. ఫోన్ దీన్ని తెరిస్తే యూపీఐ యాప్ లేచి, మొత్తం, నోటు ముందే నిండి ఉంటాయి, పిన్ కొట్టడమే మిగులుతుంది. చదవడానికి ఇంత బాగున్నా, వాట్సాప్‌లో అతికిస్తే సాధారణంగా నొక్కడానికి వీలు లేని మామూలు అక్షరాలుగానే ఉండిపోతుంది, ఎందుకంటే అది మామూలు వెబ్ చిరునామాల్లా `https` తో మొదలవదు. అందుకని దాన్ని క్యూఆర్ బొమ్మగా మార్చి పంపుతారు. బొమ్మ వచ్చిన ఫోన్‌తోనే ఆ బొమ్మను స్కాన్ చేయలేం కదా, గ్యాలరీలోంచి ఎక్కించాలి. మామూలు వ్యక్తిగత ఖాతా క్యూఆర్‌ను అలా ఎక్కిస్తే పెద్ద మొత్తాలను కొన్ని యాప్‌లు భద్రత పేరుతో ఆపేస్తాయి. 9,750 దగ్గర ఆగిపోతే కట్టేవాళ్లు "మీ క్యూఆర్ పనిచేయట్లేదు" అంటారు, ఆ రోజుకు మాట అక్కడితో సరి.

రెండో దారి పేమెంట్ గేట్‌వే సంస్థలు చేసిచ్చే లింకు. వాళ్ల యాప్‌లో మొత్తం, వివరం, బిల్లు నంబరు, గడువు తేదీ నింపితే ఒక పొట్టి వెబ్ లింకు వస్తుంది. అది వాట్సాప్‌లో నీలంగా కనిపిస్తుంది, నొక్కితే పేజీ తెరుచుకుంటుంది, యూపీఐ, కార్డు, నెట్‌బ్యాంకింగ్ ఏదైనా వాడొచ్చు. దీని అసలు లాభం కట్టాక ఉంది. ఏ బిల్లుకు డబ్బు వచ్చిందో గేట్‌వే తానే గుర్తుపెట్టుకుని, ఆ నంబరు ఎదురుగా "చెల్లించారు" అని చూపిస్తుంది. ఎవరి ఖాతా నుంచి వచ్చినా ఫర్వాలేదు. గడువు దాటితే లింకు దానంతట అదే మూసుకుపోయేలా పెట్టుకోవచ్చు, రెండు విడతలుగా కట్టనివ్వాలా వద్దా అన్నదీ తేల్చుకోవచ్చు.

దానికి ఖర్చుంది. కార్డు వంటి చెల్లింపులకు గేట్‌వేలు సాధారణంగా రెండు శాతం అటూ ఇటూ తీసుకుంటాయి, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ అదనం. 9,750కి రెండు శాతం 195 రూపాయలు, దానిమీద పన్ను 35 రూపాయల 10 పైసలు. షాపు చేతికి వచ్చేది 9,519.90, అదీ ఒకటి రెండు పనిదినాల తర్వాత. యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి రుసుము 2020 జనవరి నుంచి సున్నా. కాబట్టి నెలకు నాలుగైదు బిల్లులు పంపేవాళ్లకు మామూలు యూపీఐ చిరునామా, బిల్లు నంబరు ఇస్తే చాలు. నలభై యాభై బిల్లులు పంపేవాళ్లకు మాత్రం లెక్కల మనిషికి మిగిలే సమయం ఆ రుసుముకు తగ్గదని నా అభిప్రాయం.

లింకు అతికించేటప్పుడు వాట్సాప్ తీరు కూడా తెలిసి ఉండాలి. మీ నంబరు ఎదుటివాళ్ల ఫోన్‌లో సేవ్ అయి లేకపోతే, వాళ్లు మీకు ఎప్పుడూ జవాబు ఇచ్చి ఉండకపోతే, లింకు నొక్కినా తెరుచుకోకపోవచ్చు. తెలియనివాళ్ల నుంచి వచ్చే లింకుల విషయంలో వాట్సాప్ పెట్టిన అడ్డు అది. పని మొదలైన రోజే "ఈ నంబరు సేవ్ చేసుకోండి సర్" అని ఒక మాట అనుకుంటే ఆ చిక్కు ఉండదు. మెసేజ్‌లో అంకె తప్పు పడితే పదిహేను నిమిషాల లోపు దిద్దుకోవచ్చు. కానీ లింకు లోపల ఉన్న అంకె అలా మారదు. పాత లింకు రద్దుచేసి, "ముందు పంపినది చెల్లదు, దయచేసి ఇది వాడండి" అని కొత్తది పంపాలి. రెండు లింకులూ బతికి ఉంటే ఎవరో ఒకరు పాతదాంట్లోనే కడతారు.

ఇంత చెప్పాక ఒక నిజాన్ని ఎదుర్కోవాలి. పేరు, మొత్తం, నంబరు, గడువు, లింకు: మోసగాళ్ల మెసేజ్‌కూ సరిగ్గా ఇదే రూపం. "ఈ రాత్రి మీ కరెంటు కట్ అవుతుంది, వెంటనే ఈ లింకులో కట్టండి" అనేది తెలుగు ఊళ్లన్నీ చూసినదే. ట్రాఫిక్ చలానా పేరుతో `.apk` ఫైలు పంపి ఫోన్‌లో ఎక్కించుకోమనడం అందులో మరో రకం. కాబట్టి నిజాయితీగా డబ్బు అడిగేవాళ్ల మెసేజ్, కట్టేవాళ్లు సరిచూసుకోవడానికి వీలు ఇవ్వాలి. మా ఉదాహరణలో "లింకు తెరిస్తే మా షాపు పేరు కనిపిస్తుంది" అన్న వరుస అందుకే పెట్టాను. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025లో ఒక నిబంధన తెచ్చింది: జూన్ 30 నాటికి యాప్‌లన్నీ, డబ్బు చేరేవాళ్ల పేరును బ్యాంకు రికార్డులో ఉన్నది ఉన్నట్టే, చెల్లింపుకు ముందు చూపించాలి. వాళ్లూ వీళ్లూ పెట్టుకున్న ముద్దుపేర్లు అక్కడ చెల్లవు. ఖాతా షాపు పేరుతో కాకుండా యజమాని సొంత పేరుతో ఉంటే, ఆ పేరునే మెసేజ్‌లో ముందుగా చెప్పాలి. లేకపోతే డాక్టరు గారి తెరమీద తెలియని పేరు కనిపించి ఆయన వెనక్కి తగ్గుతారు. తగ్గడమే సరైన పని కూడా.

కట్టేవైపు ఉన్నవాళ్లకూ చూడాల్సింది ఆ పేరే. లింకు అక్షరాలు అందంగా ఉన్నాయా, మెసేజ్‌లో లోగో ఉందా అన్నది ఏమీ చెప్పదు. పిన్ అడిగే తెరమీద పేరు, మొత్తం, మీరు చేయించుకున్న పనితో కలిసిందా అన్నది చెబుతుంది. యూపీఐ పిన్ డబ్బు పోవడానికే గానీ రావడానికి ఎప్పుడూ అక్కరలేదు. "రీఫండ్ వస్తుంది, పిన్ కొట్టండి" అన్నచోట ఆగిపోవాలి. ఇలాంటి మోసాలవల్లే, ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి యూపీఐలో నేరుగా "డబ్బు పంపు" అని కోరిక పెట్టే సదుపాయాన్ని 2025 అక్టోబర్‌లో ఎన్‌పీసీఐ ఎత్తేసింది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

గడువు తేదీ గురించి. మనవాళ్లు డబ్బు అడిగేటప్పుడు తేదీ రాయడానికి మొహమాటపడతారు. "వీలు చూసుకుని" అంటారు. వీలు అనేది తేదీ కాదు కనక ఎప్పటికీ దాటదు. "మే 27, బుధవారం" అంటే ఎవరినీ తక్కువ చేసినట్టు కాదు, అందులో గౌరవం "గారూ" అన్న పిలుపులో ఎలాగూ ఉంది. ఆ తేదీకి చట్టం మద్దతూ ఉంది. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న సంస్థ పనిచేసి పెడితే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు పదిహేను రోజుల్లో, ఉన్నప్పుడు కూడా నలభై అయిదు రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. మే 12న పని, మే 27 గడువు, సరిగ్గా ఆ పదిహేను రోజులే. గుర్తుచేయాల్సి వస్తే కొత్త కథ మొదలుపెట్టకుండా, పాత మెసేజ్‌కే రిప్లై పెట్టి "సర్, 0147 బిల్లు గడువు నిన్నటితో అయిపోయింది, లింకు ఇంకా పనిచేస్తోంది" అంటే మాట పొడవదు, కోపం రాదు.

డబ్బు కట్టామని స్క్రీన్‌షాట్ వస్తే దాన్ని నమ్మి రసీదు ఇవ్వకూడదు. అలాంటి బొమ్మలు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో ఆ పన్నెండంకెల యూటీఆర్‌తో జమ కనపడాలి. అప్పుడప్పుడు కట్టినవాళ్ల ఖాతాలో డబ్బు కోతపడి, ఇటువైపు జమ కాకపోవడమూ నిజంగానే జరుగుతుంది. అప్పుడు మళ్లీ కట్టమని తొందరపెట్టకూడదు. రిజర్వ్ బ్యాంకు 2019 నాటి నిబంధన ప్రకారం, వ్యక్తికి పంపినదైతే మర్నాటికి, వ్యాపారికి కట్టినదైతే అయిదు రోజుల్లో ఆ డబ్బు సర్దుబాటు కావాలి. ఆలస్యమైతే బ్యాంకు రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

డాక్టరు గారి డబ్బు మే 26 సాయంత్రం పడింది. షాపు ఆయన ఖాతా చూసుకుని అదే మెసేజ్‌కు జవాబు పెట్టాడు: "డాక్టర్ గారూ, ₹9,750 అందింది. యూటీఆర్ చివర 5678. 0147 బిల్లు బాకీ సున్నా. ధన్యవాదాలు." ఈ చివరి మెసేజ్ చాలామంది పంపరు. ఏడాది తర్వాత ఆడిట్‌కు లెక్కలు అప్పజెప్పేటప్పుడు క్లినిక్ కుర్రాడు వెతికేది మాత్రం దీన్నే, బిల్లు నంబరు కొట్టి.